ఒక్క రోజు ఆఫీసుకు రాకపోతే ఏమవుతుంది?

కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ల మొదటి వారం ఎక్కువగా సంతకాలతోనే గడిచిపోతుంది. ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా వివరాలు, పీఎఫ్ నామినీ ఫారం, ఐడీ కార్డుకు ఫొటో... ఆ వరుసలోనే యాభై అరవై పేజీల ఎంప్లాయీ హ్యాండ్‌బుక్ ఒకటి చేతికొస్తుంది. దాని చివరి పేజీలో 'పై నిబంధనలన్నీ చదివి అర్థం చేసుకున్నాను, వాటికి కట్టుబడి ఉంటాను' అనే వాక్యం ఉంటుంది. చాలామంది మధ్యలో పేజీలన్నీ వదిలేసి తిన్నగా అక్కడికే వెళ్లి సంతకం పెట్టేస్తారు. రెండు నెలలయ్యాక జీతంలో రెండు వేలు తగ్గినప్పుడు ఆ పుస్తకం కోసం మెయిళ్లలో వెతుకుతారు.

హ్యాండ్‌బుక్‌లో సెలవులకు ఒక అధ్యాయం, హాజరుకు ఒకటి, ప్రవర్తనకు ఒకటి విడివిడిగా ఉంటాయి కాబట్టి మూడూ వేర్వేరు సంగతులని కొత్తవాళ్లు అనుకుంటారు. నిజానికి ఆ మూడూ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతాయి. ఒక మనిషి ఒక రోజు ఆఫీసుకు రాలేదు. ఆ రోజును ఏ ఖాతాలో రాయాలి? ముందే అడిగి, పైవాళ్లు ఒప్పుకుంటే అది సెలవు. ఒప్పుకున్నా ఖాతాలో సెలవులు లేకపోతే లాస్ ఆఫ్ పే, అందరూ అనే ఎల్‌ఓపీ. వచ్చి పని చేసినా పంచ్ పడకపోతే అది హాజరు లెక్కలో లోపం. ఎవరికీ చెప్పకుండా మానేస్తే అది క్రమశిక్షణ వ్యవహారం. రోజు ఒక్కటే. దాన్ని ఏ ఖాతాలో వేస్తారన్నది ఉద్యోగి ఎప్పుడు, ఎవరికి, ఏ దారిలో చెప్పాడన్న దాని మీద ఆధారపడుతుంది.

దీన్ని ఒక ఉదాహరణతో చూద్దాం. ఖమ్మం నుంచి వచ్చిన ఒక అమ్మాయి 2025 సెప్టెంబర్ 15, సోమవారం నాడు మాదాపూర్‌లోని ఓ మధ్యస్థాయి కంపెనీలో నెలకు 30 వేల రూపాయల జీతానికి చేరిందనుకుందాం. శని, ఆదివారాలు సెలవు. ఆరు నెలల ప్రొబేషన్. చేరిన మూడో రోజు హెచ్‌ఆర్ మేడం ఆమెను కూర్చోబెట్టి హ్యాండ్‌బుక్ తెరిచింది. ఆ అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న ఏ కొత్త ఉద్యోగి అయినా అడిగేదే.

"మేడం, దసరాకి ఊరెళ్లొచ్చా? నాకు సెలవులు ఎన్నుంటాయి?"

"ఎన్ని ఉంటాయన్నది తర్వాత చెప్తానమ్మా. ఇవాళ్టికి నీ ఖాతాలో ఎన్ని ఉన్నాయో ముందు చూసుకో" అంది మేడం. ఏడాదికి రాసి ఉన్న సెలవుల సంఖ్యకూ ఇవాళ వాడుకోగల సెలవుల సంఖ్యకూ మధ్య తేడా తెలియకే ఎక్కువమంది మొదటి ఎల్‌ఓపీ తెచ్చుకుంటారు.

ఏడాది లెక్కకు ఆధారం చట్టమే. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ దుకాణాలు, ఆఫీసులు, వాణిజ్య సంస్థలకు వర్తించేది 1988 నాటి షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ఈ చట్టాన్ని విభజన తర్వాత తెలంగాణ కూడా తన పేరుతో కొనసాగించింది. దాని ప్రకారం ఏడాదికి 12 రోజుల వరకు క్యాజువల్ లీవు, 12 రోజుల వరకు సిక్ లీవు ఉంటాయి. పన్నెండు నెలల్లో 240 రోజులు పని చేసినవారికి ఆ తర్వాతి ఏడాదిలో 15 రోజుల ఎర్న్‌డ్ లీవు వస్తుంది. వాడుకోని ఎర్న్‌డ్ లీవును 60 రోజుల దాకా కూడబెట్టుకోవచ్చు. ఐటీ సంస్థలకు పని గంటల వంటి కొన్ని సెక్షన్ల నుంచి ప్రభుత్వాలు మినహాయింపులు ఇచ్చాయి గనుక తన కంపెనీకి ఏ భాగం వర్తిస్తుందో హెచ్‌ఆర్‌ను అడగడంలో తప్పు లేదు. చట్టం చెప్పినదానికన్నా ఎక్కువ ఇవ్వడానికి కంపెనీకి ఏ అడ్డూ లేదు. తక్కువ ఇస్తానని హ్యాండ్‌బుక్‌లో రాసుకుంటే ఆ రాత చెల్లదు.

ఇక ఇవాళ్టి ఖాతా. చాలా కంపెనీలు ఏడాది సెలవులన్నీ ఒకేసారి చేతిలో పెట్టవు. క్యాజువల్ లీవు నెలకు ఒకటి చొప్పున జమ చేస్తాయి. నెలలో 15వ తేదీలోపు చేరితే ఆ నెల సెలవు కూడా ఇవ్వడం, 16 నుంచి చేరితే వచ్చే నెల నుంచి లెక్కపెట్టడం చాలాచోట్ల ఉన్న పద్ధతి. ఎర్న్‌డ్ లీవు నెలకు ఒకటింపావు చొప్పున, అంటే ఏడాదికి 15 వచ్చేలా జమ అవుతుంటుంది కానీ ప్రొబేషన్ పూర్తయ్యేదాకా దాన్ని ముట్టుకోనివ్వరు. పోర్టల్‌లో అంకె కనిపిస్తుంది, అప్లై చేయబోతే మాత్రం తీసుకోదు. మన ఉదాహరణలోని అమ్మాయి 15నే చేరింది కాబట్టి సెప్టెంబర్‌కు ఒకటి, అక్టోబర్‌కు ఒకటి, మొత్తం రెండు క్యాజువల్ లీవులు దసరా నాటికి ఆమె చేతిలో ఉంటాయి. అంతకు మించి లేవు.

ఆ ఏడాది విజయదశమి అక్టోబర్ 2, గురువారం నాడు వచ్చింది. గాంధీ జయంతి కూడా అదే రోజు. అంటే రెండు సెలవులు ఒకదాని మీద ఒకటి పడి ఒక్కటే మిగిలింది. శుక్రవారం ఒక్కటి దాటితే శని, ఆదివారాలు. సోమవారం కూడా పెట్టేస్తే ఐదు రోజులు ఇంట్లో ఉండొచ్చు. "రెండు లీవులున్నాయిగా మేడం, శుక్రవారం, సోమవారం పెట్టుకుంటా" అంది అమ్మాయి.

మేడం వెంటనే సరేననలేదు. హ్యాండ్‌బుక్‌లో వేలు పెట్టి ఒక వాక్యం చూపించింది: సెలవుకూ సెలవుకూ మధ్య వచ్చే వారాంతపు సెలవులు, పండగ సెలవులు కూడా సెలవులుగానే లెక్కిస్తారు. దీన్నే ఆఫీసుల్లో శాండ్‌విచ్ రూల్ అంటారు. అన్ని కంపెనీల్లో ఇది లేదు. ఉన్నచోట కొత్తవాళ్ల జేబుకు మొదట చిల్లు పెట్టేది ఇదే.

లెక్క చూడండి. ఈ నిబంధన లేని కంపెనీలో శుక్రవారం 3, సోమవారం 6 రెండూ క్యాజువల్ లీవులుగా పోతాయి. జీతంలో పైసా తగ్గదు. నిబంధన ఉన్న కంపెనీలో 3, 4, 5, 6 తేదీలు నాలుగూ సెలవులే. ఖాతాలో ఉన్నవి రెండు. మిగతా రెండు ఎల్‌ఓపీ. అక్టోబర్‌లో 31 రోజులు కాబట్టి 30 వేలను 31తో భాగిస్తే రోజుకు దాదాపు 968 రూపాయలు. రెండు రోజులకు 1,935 రూపాయలు కోత. అదే అమ్మాయి శుక్రవారం ఒక్కటే పెట్టి సోమవారం పొద్దున్నే ఖమ్మం నుంచి బస్సెక్కి ఆఫీసుకు వచ్చేస్తే పోయేది ఒక్క క్యాజువల్ లీవు. ఎందుకంటే గురువారం పండగ సెలవు ఆమె లీవుకు ముందు తగిలింది, శని, ఆదివారాలు తర్వాత తగిలాయి. అవి రెండు లీవుల మధ్య చిక్కుకోలేదు. ఇలా ముందూ వెనుకా తగిలే సెలవులను చాలా కంపెనీలు లెక్కలో వేయవు. వేస్తాయో లేదో హ్యాండ్‌బుక్‌లో ప్రిఫిక్స్, సఫిక్స్ అన్న మాటల దగ్గర ఉంటుంది.

కోత లెక్కలోనూ ఒక మెలిక ఉంది. కొన్ని కంపెనీలు నెలలో ఎన్ని రోజులుంటే అన్నింటితో భాగిస్తాయి, కొన్ని ఎప్పుడూ 30తోనే, మరికొన్ని ఆదివారాలు తీసేసి 26తో భాగిస్తాయి. 26తో భాగిస్తే ఆ అమ్మాయి ఒక్క రోజు ఖరీదు 1,154 రూపాయలు అవుతుంది. జీతం అదే, రోజు అదే, కోత దాదాపు రెండు వందలు పెరిగింది. ఏ అంకెతో భాగిస్తారో మొదటి వారంలోనే తెలుసుకుంటే తర్వాత పే స్లిప్ చేతిలో పట్టుకుని గొడవపడే పని ఉండదు.

ఇప్పుడు అదే సోమవారాన్ని మరో తీరున ఊహించుకుందాం. శుక్రవారానికి మాత్రమే లీవు అప్రూవ్ అయింది. ఆదివారం సాయంత్రం ఇంట్లో ఇంకో రోజు ఉండమన్నారు. ఆ అమ్మాయి పక్క సీటు స్నేహితురాలికి వాట్సాప్‌లో 'రేపు రావట్లేదే, చెప్పు' అని పెట్టి ఊరుకుంది. స్నేహితురాలు టీమ్ లీడర్‌తో చెప్పింది, ఆయన తలూపాడు. కానీ పోర్టల్‌లో ఏమీ లేదు. అప్పుడు సోమవారం అనధికార గైర్హాజరు అవుతుంది. దాన్ని ఆనుకుని ఉన్న శని, ఆదివారాలను కూడా లాగేసుకునే కంపెనీలున్నాయి. అలాంటిచోట మూడు రోజుల ఎల్‌ఓపీ, అంటే 2,903 రూపాయలు. ఖాతాలో ఇంకా ఒక లీవు మిగిలే ఉన్నా అది అక్కరకు రాదు. పైగా ఫైల్లో ఒక హెచ్చరిక మెయిల్ చేరుతుంది. ఆ మెయిల్ కన్ఫర్మేషన్ సమయంలో మళ్లీ బయటికొస్తుంది.

వేరొకరి ద్వారా చెప్పించడం మన ఊళ్లలో మర్యాదే. ఆఫీసులో మాత్రం సమాచారం ఉద్యోగి నుంచి, సెలవు మంజూరు చేసే అధికారం ఉన్న మనిషికి వెళ్లాలి, ఆ వెళ్లినట్టు రాతలో ఉండాలి. ఫోన్‌లో నెట్ లేకపోతే మేనేజర్‌కు ఫోన్ చేసి, తర్వాత మెయిల్ పెట్టవచ్చు. మెయిల్‌కు పెద్ద ఇంగ్లిష్ అవసరం లేదు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ రకం లీవు, కారణం ఒక్క ముక్కలో, ఆ రోజు చేయాల్సిన పని ఎవరికి అప్పగించారు, ఈ నాలుగూ ఉంటే చాలు. ఇంకో సంగతి: అప్లై చేయడం వేరు, అప్రూవ్ కావడం వేరు. అప్లై చేసి, రైలు టికెట్లు కొనేసి, అప్రూవ్ కాకముందే బయల్దేరినవాళ్లు కూడా ఇదే చిక్కులో పడతారు.

జబ్బు సంగతి కొంచెం వేరు. జ్వరం ముందుగా చెప్పి రాదు కాబట్టి సిక్ లీవుకు ముందస్తు అనుమతి ఉండదు. అయితే షిఫ్టు మొదలయ్యే ముందో, మొదలైన గంటా రెండు గంటల్లోనో కబురు చేయాలని రాసి ఉంటుంది. ఒకటి రెండు రోజులకు మాట సరిపోతుంది. రెండు లేదా మూడు రోజులు దాటితే డాక్టర్ సర్టిఫికెట్ అడుగుతారు. ఇక్కడ కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాటు మందుల చీటీ తెచ్చి ఇవ్వడం. మందుల చీటీలో ఏ మందు వేసుకోవాలో ఉంటుంది తప్ప ఎన్ని రోజులు విశ్రాంతి కావాలో ఉండదు. కంపెనీకి కావలసింది ఆ రెండోదే. డాక్టర్ దగ్గరున్నప్పుడే ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా విశ్రాంతి, ఎప్పటి నుంచి పనికి తగినవారు అన్నది రాయించుకోవాలి. నెలకు 21 వేల రూపాయల లోపు వేతనం ఉన్నవాళ్లు ఈఎస్ఐ కిందికి వస్తారు. వాళ్లకు ఈఎస్ఐ డిస్పెన్సరీ ఇచ్చే సర్టిఫికెట్ ఆధారంగా, చందా రోజుల షరతు తీరినవారికి, ఏడాదిలో 91 రోజుల దాకా వేతనంలో 70 శాతం అనారోగ్య భృతి అందుతుంది. కంపెనీ ఇచ్చే సిక్ లీవు అయిపోయాక చాలామందికి గుర్తురాని ఆసరా ఇది.

సెలవు పెట్టకుండా ఆఫీసుకు వచ్చినా ఆ రోజు పోయే దారి మరొకటి ఉంది. అది గుమ్మం దగ్గరున్న పంచింగ్ యంత్రం.

ఆ అమ్మాయి కంపెనీలో షిఫ్టు తొమ్మిదిన్నరకు మొదలవుతుందనుకుందాం. పావుగంట గ్రేస్. నెలకు మూడు ఆలస్యాల వరకు ఏమీ అనరు. నాలుగోది పూట సెలవు కింద పోతుంది. హైదరాబాద్‌లో వానాకాలం ఒక్క సాయంత్రం గట్టిగా కురిస్తే మర్నాడు పొద్దున సైబర్ టవర్స్ దారి ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు ఆ మూడు ఆలస్యాలు ఎంత త్వరగా అయిపోతాయో వేరే చెప్పక్కర్లేదు. తొమ్మిదీ నలభై ఐదు తర్వాత అర నిమిషమైనా యంత్రానికి ఆలస్యమే. మేనేజర్ 'పర్వాలేదులే' అన్నా యంత్రానికి వినపడదు. ఆయన ఆ మాటను పోర్టల్‌లో అప్రూవ్ చేస్తేనే లెక్కలోకి వస్తుంది.

ఇక్కడ ఉద్యోగి తెలుసుకోవలసిన హక్కు ఒకటుంది. పని చేయని కాలానికి జీతం కోయవచ్చు. కానీ ఆ కోత గైర్హాజరైన కాలానికి తగ్గ నిష్పత్తిని మించకూడదన్నది 1936 నాటి వేతన చెల్లింపు చట్టం కాలం నుంచీ ఉన్న సూత్రం. ఆ తర్వాత వచ్చిన వేతనాల కోడ్‌లోనూ అదే ఉంది. కాబట్టి ఇరవై నిమిషాల ఆలస్యానికి పూట పోతుందని రాసి ఉంటే, ఆ పూట లీవు ఖాతాలోంచి తీస్తారా, జీతంలోంచి తీస్తారా అని అడగడం సబబే. కొన్ని చిన్న సంస్థల్లో ఆలస్యానికి వంద రూపాయలు జరిమానా అంటూ బోర్డు పెడతారు. జరిమానా వేయాలంటే ముందు ఉద్యోగికి సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. ఒక వేతన కాలంలో వేసే జరిమానాల మొత్తం ఆ కాలపు వేతనంలో 3 శాతం దాటకూడదు. 30 వేల జీతానికి అది 900 రూపాయలు.

ఇక పంచ్ పడని రోజు. ఐడీ కార్డు ఇంట్లో మర్చిపోయారు, లేదా పొద్దున్నే తిన్నగా క్లయింట్ ఆఫీసుకు వెళ్లారు, లేదా సాయంత్రం ముందు వెళ్తున్నవాళ్ల వెనకాలే తలుపు దాటేశారు. రాత్రికి పోర్టల్‌లో ఆ రోజు ఎర్రగా కనిపిస్తుంది. దీన్ని సరిచేసే పద్ధతిని రెగ్యులరైజేషన్ అంటారు. బయట పని మీద వెళ్లిన రోజుకు ఆన్ డ్యూటీ అని, మర్చిపోయిన పంచ్‌కు మిస్‌డ్ పంచ్ అని వేర్వేరు దరఖాస్తులుంటాయి. ఎక్కువ కంపెనీల్లో నెలకు రెండు మూడుసార్లకు మించి మిస్‌డ్ పంచ్ ఒప్పుకోరు. వీటన్నిటికీ గడువు పేరోల్ కటాఫ్ తేదీ. కటాఫ్ 25 అయితే గత నెల 26 నుంచి ఈ నెల 25 దాకా ఉన్న హాజరు ఈ నెల జీతానికి లెక్క. 24న జరిగిన పొరపాటుకు ఒక్క రోజే గడువు, 26న జరిగినదానికి నెల రోజుల గడువు. ఎర్రగా ఉన్న రోజు 25 దాటితే ఎల్‌ఓపీ అయి జీతంలోంచి పోతుంది. తర్వాత రుజువు చూపిస్తే వచ్చే నెల జీతంలో తిరిగి కలుపుతారు కానీ ఈ నెల అద్దె కట్టేటప్పుడు ఆ డబ్బు చేతిలో ఉండదు. అందుకే పాత ఉద్యోగులు వారానికొకసారి, శుక్రవారం సాయంత్రం వెళ్లే ముందు, హాజరు పేజీ తెరిచి చూసుకుంటారు.

యంత్రానికి సంబంధించి ఒక్క పని మాత్రం ఎవరూ చేయకూడదు. ట్రాఫిక్‌లో ఇరుక్కున్న స్నేహితుడి కార్డు తీసుకుని అతని తరఫున పంచ్ కొట్టడం. కాలేజీలో ప్రాక్సీ చెప్పిన అలవాటుతో కొత్తవాళ్లు దీన్ని స్నేహధర్మం అనుకుంటారు. హ్యాండ్‌బుక్‌లో అది ఆలస్యం పేజీలో ఉండదు, మోసం కింద, తీవ్ర దుష్ప్రవర్తన జాబితాలో ఉంటుంది. ఆలస్యంగా వచ్చినవాడికి పోయేది పూట సెలవు. అతని కార్డు కొట్టినవాడికి, కొట్టించుకున్నవాడికి పోయేది ఉద్యోగం. గుమ్మం దగ్గర కెమెరా ఉంటుంది, పంచ్ పడిన నిమిషం యంత్రంలో ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూడటానికి ఐదు నిమిషాలు చాలు.

ఒక్క రోజు దాటి వరసగా రోజులు గడిస్తే వ్యవహారం ఇంకో మెట్టెక్కుతుంది. పరిశ్రమలకు కేంద్రం తయారు చేసిన నమూనా స్టాండింగ్ ఆర్డర్లలో అనుమతి లేకుండా వరసగా పది రోజులకు మించి రాకపోవడం, అలవాటుగా ఆలస్యం కావడం, అలవాటుగా చెప్పకుండా మానేయడం దుష్ప్రవర్తన జాబితాలో ఉన్నాయి. మంజూరైన సెలవు ముగిశాక ఎనిమిది రోజుల్లోపు తిరిగి వచ్చి కారణం చెప్పుకోకపోతే ఉద్యోగంపై హక్కు పోతుందని కూడా ఉంది. ఈ ఉత్తర్వులు వర్తించని ఆఫీసులు కూడా అదే తీరును తమ హ్యాండ్‌బుక్‌లో పెట్టుకున్నాయి. కొన్నిచోట్ల మూడు రోజులకే 'అబ్‌స్కాండింగ్' అని రాస్తారు.

అలా రాసి ఉన్నంత మాత్రాన ఉద్యోగం దానంతటదే ఊడిపోతుందా? ఈ ప్రశ్నకు సుప్రీంకోర్టు 1993లో డి.కె. యాదవ్ వర్సెస్ జె.ఎం.ఎ. ఇండస్ట్రీస్ కేసులో జవాబిచ్చింది. ఎనిమిది రోజులకు మించి రాలేదు కాబట్టి స్టాండింగ్ ఆర్డర్ ప్రకారం ఉద్యోగం పోయిందన్నది యాజమాన్యం వాదన. తాను వస్తూనే ఉన్నానని, గేటు దగ్గరే ఆపేశారని కార్మికుడి వాదన. ఉద్యోగం తీసేయడమంటే మనిషి బతుకుతెరువు తీసేయడమే కాబట్టి, అతని మాట వినకుండా, విచారణ జరపకుండా ఆ పని చేయడం చెల్లదని కోర్టు తేల్చింది. సగం బకాయి వేతనంతో అతన్ని తిరిగి పనిలోకి తీసుకోమంది. 2012లో కృష్ణకాంత్ బి. పర్మార్ కేసులో ఇంకో మాట చెప్పింది: రాకపోవడం వేరు, కావాలని రాకపోవడం వేరు. ఆసుపత్రి పాలైనా, ప్రమాదం జరిగినా మనిషి రాలేడు. అది ఉద్దేశపూర్వకమని రుజువు కాకపోతే దాన్ని దుష్ప్రవర్తన అనలేం.

ఈ తీర్పుల సారం హ్యాండ్‌బుక్‌లో ఆచరణగా ఇలా కనిపిస్తుంది. మూడో రోజుకో నాలుగో రోజుకో మెయిల్ వస్తుంది. తర్వాత ఇంటి చిరునామాకు స్పీడ్ పోస్టులో ఉత్తరం. తర్వాత షోకాజ్ నోటీసు. ఆ చిరునామా మొదటి వారంలో ఉద్యోగి ఫారంలో రాసి ఇచ్చినదే. హాస్టల్ మారి, కొత్త చిరునామా పోర్టల్‌లో మార్చకపోతే ఉత్తరం పాత గదికి వెళ్లి 'ఈ చిరునామాలో లేరు' అన్న ముద్రతో తిరిగి వస్తుంది. కంపెనీ తన పని తాను చేసినట్టే అవుతుంది, ఉద్యోగికి మాత్రం కబురే అందదు. అత్యవసర సంప్రదింపు కింద ఎవరి నంబరు ఇచ్చారో వాళ్లకు ఆఫీసు పేరు, మేనేజర్ నంబరు తెలిసి ఉండాలి. ప్రమాదం జరిగిన రోజు ఫోన్ చేయగలిగేది వాళ్లే.

షోకాజ్ నోటీసు వస్తే చాలామంది భయంతో జవాబివ్వరు, కొందరు కోపంతో రాజీనామా రాసేస్తారు. రెండూ నష్టమే. నోటీసులో ఏ తేదీన ఏం జరిగిందని ఆరోపిస్తున్నారో ఉంటుంది, జవాబుకు గడువు ఉంటుంది. తేదీలకు తేదీలు, మెయిళ్లకు మెయిళ్లు జతచేసి గడువులోగా రాసిన జవాబే ఆ తర్వాత జరిగే విచారణకు పునాది.

ప్రవర్తనా నియమావళిలో మిగిలినవి ఎక్కువగా చదివితే అర్థమయ్యేవే: కంపెనీ సమాచారం బయటపెట్టకూడదు, సరఫరాదారుల నుంచి కానుకలు తీసుకోకూడదు, పాస్‌వర్డ్ పంచుకోకూడదు. రెండో ఉద్యోగం విషయం మాత్రం ఆగి చదవాలి. 2022 సెప్టెంబర్‌లో విప్రో ఛైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ తమ దగ్గర పని చేస్తూ పోటీ సంస్థలకూ పని చేస్తున్న 300 మందిని తొలగించామని బహిరంగంగా చెప్పారు. ఇంటి దగ్గర సాయంత్రం ట్యూషన్లు చెప్పడం, తమ్ముడి దుకాణానికి వెబ్‌సైట్ చేసిపెట్టడం కూడా కొన్ని హ్యాండ్‌బుక్‌ల ప్రకారం ముందుగా తెలపాల్సిన సంగతులే. తెలిపితే తరచూ అనుమతి వస్తుంది. దాచితే అదే తప్పవుతుంది.

ఈ అధ్యాయంలో కొత్తగా చేరిన అమ్మాయిలు తప్పకుండా చదవాల్సినవి పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నిరోధానికి సంబంధించిన పేజీలు. 2013 చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకు మించి పని చేసే ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. దానికి సీనియర్ మహిళా ఉద్యోగి అధ్యక్షత వహించాలి, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు ఉండాలి, బయటి సభ్యులు ఒకరుండాలి. ప్రొబేషన్‌లో ఉన్నవారికీ, ట్రైనీలకూ, కాంట్రాక్టు సిబ్బందికీ మొదటి రోజు నుంచే ఇది వర్తిస్తుంది. కంపెనీ ఏర్పాటు చేసిన క్యాబ్ కూడా చట్టం దృష్టిలో పని ప్రదేశమే. ఫిర్యాదుకు గడువు సంఘటన జరిగిన నాటి నుంచి మూడు నెలలు. తగిన కారణం ఉంటే కమిటీ మరో మూడు నెలలు పొడిగించవచ్చు. రాతలో ఇవ్వలేని స్థితిలో ఉంటే రాసుకోవడంలో కమిటీయే సాయం చేయాలి. విచారణ 90 రోజుల్లో ముగించాలి.

సెలవుల అధ్యాయంలో కనిపించని సెలవు ఒకటి ఇక్కడ ఉంది. విచారణ నడుస్తున్నంత కాలం ఫిర్యాదు చేసిన మహిళ కోరితే, మూడు నెలల దాకా సెలవు ఇవ్వాలని కమిటీ సిఫారసు చేయవచ్చు. ఆ సెలవు ఆమె మామూలు లీవుల్లోంచి పోదు, వాటికి అదనం. సెలవు అక్కర్లేదు, అతనితో కలిసి పని చేయలేను అనుకుంటే తననో అవతలి వ్యక్తినో వేరేచోటికి మార్చమని కోరవచ్చు. ఖాతాలో రెండు లీవులే ఉన్నాయని, ప్రొబేషన్‌లో ఉన్నానని ఓర్చుకుంటూ ఉండిపోయే అమ్మాయిలకు ఈ సంగతి ఎవరో ఒకరు మొదటి వారంలోనే చెప్పి తీరాలి. కమిటీ సభ్యుల పేర్లు ఆఫీసులో అందరికీ కనిపించేచోట పెట్టాలని చట్టం చెబుతుంది. ఆ బోర్డు కనిపించకపోతే హెచ్‌ఆర్‌ను అడగవచ్చు.

మళ్లీ చివరి పేజీ సంతకం దగ్గరికి వద్దాం. సంతకం చేయడానికి ఒకటి రెండు రోజులు సమయం అడిగితే ఏ మంచి హెచ్‌ఆర్ కూడా కాదనరు. ఆ వ్యవధిలో అపాయింట్‌మెంట్ లెటర్‌నూ హ్యాండ్‌బుక్‌నూ పక్కపక్కన పెట్టి మూడు చోట్ల పోల్చి చూసుకోవాలి: ప్రొబేషన్ ఎన్నాళ్లు, నోటీసు కాలం ఎంత, సెలవుల సంఖ్య ఎంత. రెండింటిలో తేడా ఉంటే ఏది చెల్లుతుందో మెయిల్‌లో అడగాలి, జవాబు మెయిల్‌లోనే తీసుకోవాలి. హ్యాండ్‌బుక్ మీద ఏ తేదీ నాటి ప్రతి అని ఉందో కూడా చూసుకోవాలి, ఎందుకంటే 'కంపెనీ ఎప్పుడైనా మార్చవచ్చు' అన్న వాక్యం దాదాపు ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది.

ఒక జాగ్రత్త. పుస్తకం దగ్గర ఉంచుకోవాలని దాన్ని ఆఫీసు మెయిల్ నుంచి సొంత జీమెయిల్‌కు పంపుకోకండి. కంపెనీ పత్రాలను బయటి మెయిల్‌కు పంపడం చాలా హ్యాండ్‌బుక్‌ల ప్రకారం నిషిద్ధమే. ప్రతి కావాలని హెచ్‌ఆర్‌నే అడగండి. శాండ్‌విచ్ రూల్ ఉందా, ఎల్‌ఓపీకి ఎన్నింటితో భాగిస్తారు, పేరోల్ కటాఫ్ ఏ తేదీ, ఈ మూడింటికీ అదే మెయిల్‌లో జవాబు కోరండి.